రిజిస్టర్‌లో రాయని చీర

మా ఆఫీసులో గిఫ్టుల రిజిస్టర్ నా డ్రాయర్‌లో ఉండేది. గట్టి అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏమిచ్చారు, సుమారు ధర ఎంత, ఎవరు ఒప్పుకున్నారు, చివరికి ఆ వస్తువు ఏమైంది అని గళ్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో వైపున్న ఒక సరుకుల కంపెనీలో అడ్మిన్ పని నాది. జీతం గొప్పగా లేకపోయినా ఆ పుస్తకం తాళం నా దగ్గరుందని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

రూల్స్ నాకు నోటికొచ్చు. కంపెనీతో వ్యాపారం ఉన్నవాళ్లు ఏదైనా ఇస్తే, వెయ్యి రూపాయల లోపుదైతే రాయక్కర్లేదు. వెయ్యి దాటితే ఐదు పనిదినాల్లోపు రిజిస్టర్‌లో రాయాలి, మేనేజర్ సంతకం పెట్టాలి. ఐదు వేలు దాటితే వద్దని చెప్పి వెనక్కివ్వాలి. వెనక్కివ్వడం కుదరకపోతే కారణం రాసి మినహాయింపు అడగాలి. అది ఇవ్వాలా వద్దా అన్నది రూల్స్ అమలు చూసే కంప్లయన్స్ మేడం తేలుస్తారు. డబ్బు, గిఫ్ట్ కార్డు అయితే రూపాయి కూడా వద్దు. ఇంకొకటి. ఎవరి కాంట్రాక్టు మూడు నెలల్లో రెన్యూవల్‌కి రాబోతుందో, వాళ్లు ఇచ్చింది పెన్ను అయినా రాయాల్సిందే. పెట్టిన భోజనం కూడా.

చాలామంది మర్చిపోయేవాళ్లు. అందుకే నేనే గుర్తు చేసేదాన్ని. దీపావళికి ఎవరి టేబుల్ మీదైనా డ్రై ఫ్రూట్స్ డబ్బా కనిపిస్తే చాలు, ఫోన్ తీసి మెసేజ్ కొట్టేదాన్ని. "సార్, డబ్బా రాసిండ్రా? లేకుంటే నా దగ్గరికి రాండ్రి." రెండేళ్లలో ఒక్కళ్ల డిక్లరేషన్ కూడా ఆలస్యం కాలేదు.

ఒక్కళ్లకు మాత్రం నేను గుర్తు చేయలేదు. కావాలనే చేయలేదు.

ఆ అమ్మాయి నాకన్నా మూడేళ్లు చిన్నది. ఊరు పాల్మాకుల, వ్యవసాయం చేసే ఇల్లు. మా స్టాఫ్ బస్సులు, క్యాబ్‌లు చూసే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో చేరింది. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ నెలాఖరుకి పర్మనెంట్ చేస్తూ లెటర్ రావాలి. ఆ లెటర్ చూపిస్తే తమ్ముడికి హాస్టల్ సీటు, ఇంట్లో ఒక నెలజీతం అనే భరోసా. ఈ సంగతులన్నీ నాకు క్యాంటీన్‌లో అదే చెప్పింది, నేను అడగకుండానే. దానికి అందరితో అన్నీ చెప్పే అలవాటు.

అందరూ దాంతో మాట్లాడేవాళ్లు కూడా. నాకు మంట పుట్టింది అక్కడే. నేను పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో. రెండేళ్లుగా రోజూ అవే బస్సులు ఎక్కుతున్నా. ఒకరోజు రెండు నిమిషాలు లేటయితే డ్రైవర్ ఆగలేదు, నేను ఫోన్‌లో అరిచిన అరుపుకి అతను ఇప్పటికీ నన్ను చూస్తే అద్దంలోంచి కళ్లు పక్కకు తిప్పుకుంటాడు. అదే ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా మర్చిపోయి ఆఫీసులోకి పరుగెత్తితే బస్సు మొత్తం ఐదు నిమిషాలు ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. పైగా వెనక సీటు నుంచి ఒకాయన, "మెల్లగ రా బిడ్డా, పడతవ్" అన్నాడు.

బస్సుల కాంట్రాక్టరుదీ పాల్మాకులే. యాభై దాటిన మనిషి, తెల్ల అంగీ, జేబులో రెండు ఫోన్లు. బిల్లుల కోసం నెలకోసారి వచ్చేవాడు. నా టేబుల్ దగ్గర నిలబడి "మేడం, నమస్తే మేడం" అనేవాడు. నాలుగడుగులు వేసి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ దగ్గరికి వెళ్లగానే గొంతు మారిపోయేది.

"ఏం బిడ్డా, బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు బాబాయ్. కాలు నొస్తుందంటుండు."

"దవాఖానకు తీస్కపోవాలె గద. బండి పంపుతా."

"వద్దు బాబాయ్, ఊకో. ఆఫీసుల గట్ల అనొద్దు."

చుట్టరికం ఏమీ లేదు. ఊరి వరస, అంతే. వాళ్ల నాన్న, ఈయన ఒకే బావి నీళ్లు పారించుకున్నారట. కానీ నెల నెలా ఆ బస్సులు టైముకొచ్చాయా లేదా అని మార్కులు వేసే షీటు ఆ అమ్మాయే నింపేది. రెండు నెలల్లో కాంట్రాక్టు రెన్యూవల్. నాకు ఆ విషయమూ గుర్తుంది. ఎవరైనా నన్ను బిడ్డా అని పిలిచి ఉంటే గుర్తుండేది కాదేమో.

ఒక ఆదివారం ఆయన కొత్త ఇంట్లోకి వెళ్తూ మా డిపార్ట్‌మెంట్ వాళ్లందరినీ పిలిచాడు. మేనేజర్ ముందే రూల్ చెప్పాడు. "భోజనం చేసి వద్దాం, సోమవారం అందరం రాసేద్దాం." సరే అని వెళ్లాం. బగారా అన్నం, మటన్, పెరుగు చట్నీ. ఇల్లంతా కొత్త రంగు వాసన. నేను ఒక కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆ అమ్మాయి మాత్రం వంటవాళ్ల దగ్గరా తానే, పూజ గదిలోనూ తానే, ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతోంది.

పోయేటప్పుడు ఆయన భార్య ఆడవాళ్లకు బొట్టు పెట్టి బట్టలు పెట్టింది. పళ్లెంలో నాకు ఒక జాకెట్ గుడ్డ, రెండు అరటిపండ్లు, తమలపాకులు. ఆకుపచ్చ గుడ్డ. నేను "థ్యాంక్స్ ఆంటీ" అన్నా. తర్వాత ఆ అమ్మాయి వంతు. ఆంటీ లోపలికి వెళ్లి ఒక పెద్ద కవరు తెచ్చింది. అందులోంచి పట్టుచీర. ముదురు ఎరుపు, చేతి వెడల్పు జరీ అంచు.

"అయ్యో చిన్నమ్మా, నాకు వద్దు. ఆఫీసుల ఒప్పుకోరు."

"ఆఫీసోళ్లు నీకు బొట్టు పెడతరా? ఇంటి ఆడబిడ్డవు. పట్టు."

"జర ఇను చిన్నమ్మా..."

"కొత్తింట్ల వద్దనుడు ఏందే? నోర్మూసుకొని కొంగు పట్టు."

బొట్టు పెట్టి, తల మీద అక్షింతలు వేసి, ఆ చీర దాని ఒళ్లో వేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఎవరో ఫొటో తీశారు. నా చేతిలో ఆకుపచ్చ గుడ్డ ముడతలు పడింది, నేనే నలిపేశానేమో.

ఇంటికి వెళ్తున్న క్యాబ్‌లో ఉండగానే దాని స్టేటస్ వచ్చింది. చీర భుజం మీద వేసుకుని నవ్వుతున్న ఫొటో. కింద ఎర్ర గుండె. నేను స్క్రీన్‌షాట్ తీశా. ఎందుకు తీశానో అప్పుడు నాకు తెలియదు అంటే అబద్ధం. తెలుసు.

కాసేపటికి దాని దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. ఒక నిమిషం పన్నెండు సెకన్లు. నాకు వాయిస్ మెసేజ్‌లంటేనే చిరాకు, టైప్ చేయడానికి వేళ్లు లేవా అని. చీర గురించి మురిసిపోతూ చెప్పి ఉంటుంది, నేను ఎందుకు వినాలి? ఆ చాట్‌ని ఆర్కైవ్‌లోకి తోసేశా. ఇక నోటిఫికేషన్ కూడా కనబడదు.

సోమవారం పొద్దున్నే రిజిస్టర్ తీసి నా పేరు మీద మొదటి వరుస రాశా. "జాకెట్ గుడ్డ, ఒకటి. సుమారు ధర నూట ఇరవై. భోజనం, ఒకటి." అంత అందంగా నేను ఎప్పుడూ రాయలేదు. ప్రతి అక్షరం ముత్యంలా ఉంది. కింద మిగతావాళ్లు భోజనం, అరటిపండ్లు రాశారు. మేనేజర్ నా జాకెట్ గుడ్డ చూసి నవ్వాడు.

"గిది కూడా రాసినవా?"

"రెన్యూవల్ ఉంది గద సార్. రూల్."

"మంచిదమ్మా. నీలెక్క ఉండాలె అందరు."

ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ గేటు దగ్గర వేరే గదిలో ఉంటుంది. ఆ అమ్మాయి రాయడానికి రాలేదు. నా ఫోన్ క్యాలెండర్‌లో శుక్రవారం సాయంత్రానికి రిమైండర్ పెట్టా. ఐదు పనిదినాలు అప్పటికి పూర్తవుతాయి. అందరికీ గుర్తు చేసే మెసేజ్ ఫోన్‌లో తయారుగా ఉంటుంది, పేరు మార్చి పంపడమే. పంపలేదు. ఎవరి డిక్లరేషన్ వాళ్లదే బాధ్యత, పాలసీలో అలాగే ఉంది అని నాకు నేనే చెప్పుకున్నా.

బుధవారం అది నా టేబుల్ దగ్గరికి వచ్చింది. నేను ఫోన్‌లో ఉన్నా. ఏమంత ముఖ్యమైన కాల్ కాదు, కరెంటు బిల్లు గురించి అమ్మ.

"అక్కా, నేను పంపింది..."

చెయ్యి ఎత్తి ఆపా. "చూస్తా తీయ్."

"సరే అక్కా." అది హాయిగా వెళ్లిపోయింది. నా మాట నమ్మి వెళ్లిపోయింది. దాని నడకలో ఏ బరువూ లేదు. అది కూడా నాకు నచ్చలేదు.

శుక్రవారం రిమైండర్ మోగింది. సోమవారం పొద్దున కంప్లయన్స్ మేడంకి మెయిల్ పెట్టా. "ఈ ఉద్యోగి కాంట్రాక్టరు నుంచి పట్టుచీర తీసుకున్నారు. ఐదు పనిదినాలు గడిచాయి. రిజిస్టర్‌లో నమోదు లేదు. కాంట్రాక్టరు పనితీరుకు మార్కులు వేసేది ఈమే." కింద స్క్రీన్‌షాట్. పంపాక నాకు చాలా శాంతిగా అనిపించింది. ఆ రోజు క్యాంటీన్‌లో రెండు వడలు తిన్నా.

మంగళవారం ఇద్దరినీ పిలిచారు.

కంప్లయన్స్ మేడంది కోస్తా వైపు. ఎవరినైనా మీరు అనే అంటారు, కోపంలో కూడా. టేబుల్ మీద నా స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి పెట్టారు. ఆ అమ్మాయి తన నవ్వునే తాను చూసింది, తర్వాత నన్ను చూసింది. దాని ఒళ్లో ఆ పెద్ద కవరు ఉంది. మేడం తెమ్మన్నారట.

"ఈ చీర మీకు ఎవరిచ్చారమ్మా?"

"బాబాయి వాళ్లు మేడం. అంటే... బస్సుల కాంట్రాక్టరు."

"రక్తసంబంధమా?"

"కాదు మేడం. ఊరి వరస."

"అయితే బంధువులు ఇచ్చేవాటికి ఉన్న మినహాయింపు దీనికి రాదు. మీరు ఆయన బస్సులకు మార్కులు వేస్తారు కదా. ఆ వరస సంగతి కూడా మీరు చేరినప్పుడే చెప్పి ఉండాల్సింది. సరే, చీర ధర ఎంత?"

"తెల్వదు మేడం."

కవరు మీద షాపు నంబరు ఉంది. మేడం ఫోన్ చేసి, చీర మీది చీటీలో ఉన్న కోడ్ చెప్పి అడిగారు. ఆరు వేల ఎనిమిది వందలు.

"ఐదు వేలు దాటింది. ఇది తీసుకోకూడదు. తీసుకున్నాక కనీసం రాయాలి. ఎందుకు రాయలేదు? మీ ప్రొబేషన్ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పాలసీ ఉల్లంఘన అని నేను ఒక్క ముక్క రాస్తే ఆ లెటర్ రాదు. మీకు తెలుసా ఆ సంగతి?"

దాని చేతులు కవరు మీద బిగుసుకున్నాయి.

"నేను అక్కకు చెప్పిన మేడం. ఆదివారమే. వాయిస్ మెసేజ్ పెట్టిన."

మేడం నా వైపు తిరిగారు. నా ఫోన్ ఎప్పటిలాగే నా చేతిలోనే ఉంది. దాన్ని బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకున్నా. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. చూసి, తల దించుకుని, మెల్లగా అంది.

"పోలేదేమో మేడం. మా ఊళ్ల సిగ్నల్ సరిగ్గ ఉండది."

మెసేజ్ పోయిందని దానికి తెలుసు. రెండు టిక్కులు పడి ఉంటాయి. బుధవారం నేను "చూస్తా తీయ్" అన్నది కూడా దానికి గుర్తుంది. అయినా నా తప్పు దాచేస్తోంది. తన ఉద్యోగం పోయే చోట కూర్చుని!

మంచితనంతో నేను ఫోన్ తీశానని ఎవరైనా అనుకుంటే, కాదు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ కూడా ఇదే పెద్దమనిషా? ఇక్కడ కూడా అందరూ దీన్నే మెచ్చుకోవాలా? దీని దయ మీద నేను బతకాలా?

"పోయింది మేడం," అన్నా గట్టిగా, కొంచెం అరిచినట్టే. "నాకు వచ్చింది. నేనే వినలే."

ఆర్కైవ్ తెరిచా. ఆ మెసేజ్ పక్కన, వింటే నీలంగా మారే మైకు గుర్తు ఇంకా మారలేదు. నొక్కా. గదిలో దాని గొంతు, వెనకాల గిన్నెల చప్పుడు.

"అక్కా, నేను. గియ్యాల చిన్నమ్మ నాకు పట్టుచీర పెట్టింది, నువ్వు చూసినవ్ గద. వద్దంటే ఊకోలే, బొట్టు పెట్టి ఒళ్లెనే ఏసింది. ధర తెల్వదు, ఐదు వేలు దాటుతదేమో. రిజిస్టర్ల రాయాలె గదా? ఆ పుస్తకంల గళ్లు నాకు సమజ్ అయితలేవు అక్కా, అంత ఇంగ్లీషే ఉంది. ఎట్ల రాయాలెనో నువ్వు చెప్పు. నువ్వు చెప్పేదాంక నేను కట్ట. వాపస్ ఇయ్యాలన్నా ఇస్తా, కానీ బొట్టు పెట్టింది వాపస్ ఇస్తే కొత్తింటికి మంచిది కాదంటరు, చిన్నమ్మ ఏడుస్తది. ఇంకోటి అక్కా... నీకు ఒట్టి జాకెట్ గుడ్డ పెట్టిండ్రు, నాకు మంచిగనిపియ్యలే. చిన్నమ్మతోని అన్న. ఆ మేడం ఫోన్ల నుంచి తలెత్తితే గద మాట్లాడేది అంటది. నువ్వేం అనుకోకు. నువ్వు చెప్తే వస్తా."

ఆగింది. మేడం పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. మైకు గుర్తు నీలం రంగులోకి మారడం నేను చూస్తూ కూర్చున్నా, ఇంకెక్కడ చూడాలో తెలియక.

"స్టేటస్ ఎట్ల పెట్టినవే మరి?" అన్నా చివరికి. అంత జరిగాక నా నోట్లోంచి వచ్చిన మాట అదీ.

"పెట్టుకోకూడదా అక్కా? దాచిపెట్టేదైతే పెట్టకపోతుండె గద."

ఆ మాటకు జవాబు మేడం చెప్పారు. "నిజమే, దాచేవాళ్లు స్టేటస్ పెట్టరు. కానీ స్టేటస్ పెట్టడం డిక్లరేషన్ కాదమ్మా. చెప్పాల్సిన చోట చెప్పారు కాబట్టి సరిపోయింది."

తర్వాత అంతా కాగితాల పని. రిజిస్టర్ చూసే ఉద్యోగికి తెలిపిన రోజునే తెలిపినట్టు లెక్క అని మేడం తేల్చారు. కాబట్టి ఆలస్యం ఆ అమ్మాయిది కాదు. చీర వెనక్కివ్వకుండా ఉండడానికి మాత్రమే మినహాయింపు దొరికింది, తను ఉంచుకోవడానికి కాదు. బొట్టు పెట్టి ఇచ్చిన బట్టలు తిప్పి పంపితే ఇచ్చినవాళ్లకు అవమానం అని కారణం. ఆ కారణం ఆ అమ్మాయే తెలుగులో రాసింది, మేడం కింద సంతకం పెట్టారు. చీర కంపెనీకి చెందుతుంది. ఏడాది చివర హౌస్ కీపింగ్ వాళ్ల కోసం తీసే డ్రాలో పెడతారు. రెన్యూవల్ అయ్యేదాకా బస్సుల మార్కులు మేనేజర్ వేస్తాడు, ఈమె కాదు. వేసిన పాత మార్కులు ఇంకొకరు గేటు రికార్డుతో సరిచూస్తారు. ఇకపై ఏమీ ఇవ్వొద్దని కాంట్రాక్టరుకి మర్యాదగా ఒక లెటర్.

నాకు వార్నింగ్ మెమో. రిజిస్టర్ మేడం గదికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఆ వరుస నాతోనే రాయించారు. పట్టుచీర, ఒకటి. ఆరు వేల ఎనిమిది వందలు. చివరి గడిలో ఆలస్యానికి కారణం రాయాలి.

"ఏం రాయను మేడం?"

"జరిగింది రాయండి."

"మెసేజ్ అదే రోజు అందింది. నేను తెరవలేదు" అని రాశా. పైన నా జాకెట్ గుడ్డ వరుస ముత్యాల్లా ఉంది. ఇది కోడి కెలికినట్టు వచ్చింది.

బయటికొచ్చాక వరండాలో అది నా పక్కనే నడిచింది. తిట్టు, కేకలెయ్యి, ఏదో ఒకటి అను అని మనసులో అనుకుంటున్నా. నాకు అరుపులైతే చేతనవును, తిరిగి అరవగలను.

"అక్కా, ఫోటో మంచిగొచ్చింది గద?" అంది. ఆ వెంటనే, "నువ్వే తీసినవనుకున్న, అంత క్లియర్‌గ ప్రింట్ వచ్చింది" అంది. వెక్కిరింతే. మొదటిసారి నన్ను వెక్కిరించింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

"మొత్తుకోకు. లెటర్ వస్తది పో," అన్నా.

వచ్చింది, నెలాఖరుకే. స్వీట్ డబ్బా పంచింది. నా టేబుల్ మీద కూడా ఒక మైసూర్ పాక్ ముక్క పెట్టి వెళ్లింది.

ఆ వారమే కాంట్రాక్టరు బిల్లులకి వచ్చాడు. ఇకపై ఏమీ ఇవ్వొద్దన్న లెటర్ ఆయనకు అందిందని నాకు తెలుసు. చీర పోయింది కదా, ఇక గొంతు మారుతుందేమో చూద్దామని నేను ఫోన్ పక్కన పెట్టి మరీ చెవులు రిక్కించా. చూడాలని ఉంది నాకు, నిజం చెప్తున్నా.

"మేడం, నమస్తే మేడం," అన్నాడు నాతో. నాలుగడుగులు వేశాడు.

"ఏం బిడ్డా, చీర ఆఫీసుకిచ్చినవంట?"

"ఇచ్చిన బాబాయ్. రూల్ అంట. చిన్నమ్మ కోపం చేస్తుందా?"

"చేసింది, ఒక పూట. నేనే సమ్‌జాయించిన. ఆఫీసు ఊడ్సే ఆడబిడ్డ ఎవరో కట్టుకుంటదంట గద, పోనియ్, మంచిదే అంటుంది ఇప్పుడు. అదట్లుండనీ, నౌకరీ పక్కా అయిందా?"

"అయింది బాబాయ్."

"శాబాష్ బిడ్డా. బాపుకు చెప్పినవా?"

చీర లేదు. మార్కుల షీటు లేదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఏమీ లేదు వాళ్ల మధ్య, రిజిస్టర్‌లో రాయడానికి. ఆ బిడ్డా అన్న పిలుపు మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను ఫోన్ తీసుకుని స్క్రీన్ మీద వేలు పైకీ కిందకీ తోస్తూ కూర్చున్నా. టేబుల్ మీద మైసూర్ పాక్ ముక్క అలాగే ఉంది. సాయంత్రం దాకా ముట్టుకోలేదు. బస్సు ఎక్కేముందు తిన్నా.